చప్పట్లకు లొంగని ఇంగ్లిషు

గుంటూరు అరండల్‌పేటలో ఒక స్పోకెన్ ఇంగ్లిష్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. పేరు అనవసరం, మీ వీధి చివర ఉన్నది కూడా అలాంటిదే. అక్కడ మూడో వారాన్ని "స్ట్రెస్ వీక్" అంటారు. ఫీజు కట్టే నాన్నలకు స్ట్రెస్ మొదటి వారమే మొదలవుతుంది కానీ, పిల్లలకు మాత్రం సిలబస్ ప్రకారం మూడో వారంలోనే ఇస్తారు.

ఇక్కడ స్ట్రెస్ అంటే మాటలో ఒక భాగాన్ని ఊని పలకడం, తెలుగులో ఊనిక. ఆ వారం బోధించే మహా సిద్ధాంతం ఒక్కటే. నౌన్ అయితే ముందు చప్పట, వర్బ్ అయితే వెనక చప్పట. చప్పట పడిన చోట గట్టిగా అరవాలి. ఇంగ్లిషు భాషా రహస్యం ఇన్నాళ్లూ అరచేతుల్లోనే ఉందన్నమాట.

మా మేనకోడలు అక్కడే చేరింది కాబట్టి ఆ దృశ్యాన్ని తలుపు దగ్గర నిలబడి చూసే భాగ్యం నాకు కలిగింది. కుర్చీలన్నీ గోడకు జరిపారు. ఎడమవైపు నౌన్లు, కుడివైపు వర్బులు. సగం మంది బీటెక్ పూర్తి చేసినవాళ్లు. మాస్టారు "రికార్డ్!" అనగానే ఎడమ వరుస ముందు చప్పట కొట్టి "రీఈ కార్డ్" అని అరిచింది. కుడి వరుస "రి కాఆర్డ్" అని బదులిచ్చింది. తర్వాత "పర్మిట్", ఆ తర్వాత "ప్రెజెంట్". కింద జిరాక్స్ షాపాయన గొడవేమిటో చూసి రమ్మని కుర్రాణ్ణి పైకి పంపాడు. ఆ కుర్రాడు కాసేపు విని, తనకు తోచిన వరుసలో నిలబడి తానూ చప్పట్లు కొట్టాడు. అతన్ని ఎవరూ గుర్తుపట్టలేదు. ఉచ్చారణ అందరిదీ ఒకేలా ఉంది మరి.

అసలు వైభవం "రిపోర్ట్" వచ్చినప్పుడు మొదలైంది. నౌన్ల వరుస రూలు ప్రకారం "రీఈ పోర్ట్" అంది. మాస్టారు మురిసిపోయారు. ఇంగ్లిషులో రిపోర్ట్ నౌనైనా వర్బైనా ఊనిక రెండో భాగం మీదే ఉంటుంది. రిజల్ట్, కంట్రోల్, డిలే, మిస్టేక్ కూడా అంతే. అటు ప్రామిస్, ఆన్సర్ లాంటివి వర్బులైనా సరే, ఊనిక ముందే ఉంటుంది, వెనక్కి జరగదు. మా మేనకోడలు చెయ్యెత్తి, "సార్, డిక్షనరీలో ప్రామిస్‌కి రెండుచోట్లా ముందే ఉందండి" అంది. "అది బ్రిటిష్ డిక్షనరీ అమ్మా, మనం నేర్పేది న్యూట్రల్" అన్నారాయన. ఆ న్యూట్రల్ దేశానికి వీసా ఎక్కడిస్తారో కనుక్కోవాలి.

ఆ రూలు అనాదిగా ఉన్నదేమీ కాదు. 1570లో పీటర్ లెవిన్స్ వేసిన నిఘంటువులో ఇలా ఊనిక మారే జంటలు మూడే కనిపిస్తాయి: ఔట్‌లా, రెబెల్, రికార్డ్. తర్వాత ఒక్కొక్కటీ వచ్చి చేరుతూ, డొనాల్డ్ షెర్మన్ అనే పరిశోధకుడి లెక్కలో 1934 నాటికి 150 అయ్యాయి. ఇన్ని శతాబ్దాల తర్వాత కూడా మారని జంటలే ఎక్కువ. అంటే ఏ మాట మారుతుందో విడివిడిగా తెలుసుకోవాల్సిందే, చప్పట కొట్టి తేల్చేది కాదు.

సరే, రూలును ఊనిక మారే మాటలకే పరిమితం చేశారనుకుందాం. అప్పుడైనా ఆ అరుపు పనిచేస్తుందా? లండన్ యూనివర్సిటీ కాలేజీకి చెందిన డెన్నిస్ ఫ్రై అనే ధ్వనిశాస్త్రవేత్త 1955లోనే దీన్ని పరీక్షించాడు. ఆబ్జెక్ట్, పర్మిట్ లాంటి మాటలను యంత్రంతో పలికించి, ఒకసారి శబ్దం పెంచీ తగ్గించీ, ఒకసారి అచ్చును సాగదీసీ కుదించీ వినిపించాడు. నౌనా వర్బా అన్నది వినేవాళ్లు తేల్చుకోవడానికి శబ్దం కన్నా అచ్చు నిడివే ఎక్కువ పనికొచ్చింది. 1986లో ఆన్ కట్లర్ అనే పరిశోధకురాలు ఇంకో అడుగు ముందుకేసింది. ఊనిక తప్ప అచ్చుల్లో తేడా లేని మాటలు ఇంగ్లిషులో కొన్ని ఉన్నాయి. ఫోర్‌బేర్ అంటే ముందు ఊనితే పూర్వీకుడు, వెనక ఊనితే ఓర్చుకోవడం. వీటిలో ఏది వినిపించినా ఇంగ్లిషువాళ్ల మనసులో ముందు రెండు అర్థాలూ మెదిలాయి. అచ్చు మారకుండా ఊనిక ఒక్కటే మారితే, పుట్టుకతో ఇంగ్లిషు మాట్లాడేవాళ్ల చెవి కూడా దాన్ని వెంటనే లెక్కలోకి తీసుకోలేదు. మనవాళ్లు వారమంతా సాధన చేయిస్తున్నది సరిగ్గా ఆ లెక్కలోకి రాని పనినే.

ఆబ్జెక్ట్‌నే తీసుకోండి. వస్తువు అన్న అర్థంలో మొదటి "ఆ" నిండుగా తెరుచుకుంటుంది, రెండోది ముడుచుకుని "ఆబ్‌జిక్ట్" అవుతుంది. అభ్యంతరం చెప్పడం అన్న అర్థంలో మొదటిది వినీ వినపడని "అ", నిండుగా పలికేది "జెక్ట్". అంటే ఒక అచ్చును లేపడం సగం పనే, పక్కదాన్ని మింగడం మిగతా సగం. మన నోట్లో "ఆబ్" నిండుగానే ఉంటుంది, "జెక్ట్" కూడా నిండుగానే ఉంటుంది. రెండూ నిండుగా ఉన్నాక ఏ వైపు అరిస్తే ఏం?

నాలుగో వారం బ్లాక్‌బర్డ్. నోట్సులో కాకి బొమ్మ వేసి కింద "బ్లాక్‌బర్డ్" అని రాశారు. బ్లాక్‌బర్డ్ అన్నది యూరప్‌లో ఒక పిట్ట పేరు, అందులో ఆడది గోధుమరంగులో ఉంటుంది. పేరైనప్పుడు గొంతు "బ్లాక్" దగ్గర లేచి "బర్డ్" దగ్గర దిగిపోతుంది. మామూలుగా నల్ల పిట్ట అనాలంటే "బర్డ్" దగ్గర లేస్తుంది. ఇక్కడ అచ్చులేవీ మారవు, రాగమే తేడా. అందుకే ఇది ఇంకా నాజూకు. ఎవరైనా తెల్ల పిట్ట అని పొరబడితే "కాదు, నల్ల పిట్ట" అని దిద్దేటప్పుడు "బ్లాక్" మీదే గొంతు లేస్తుంది, ఆ తేడా కాస్తా పోతుంది.

దీనికీ సూత్రం అడిగితే ఇంగ్లిషువాళ్లు తల గోక్కుంటారు. వీధి పేరు చివర స్ట్రీట్ ఉంటే ఊనిక ముందు మాట మీద, రోడ్డు ఉంటే రోడ్డు మీద. విజయవాడ బీసెంట్ రోడ్డుకి ఎవరైనా బీసెంట్ స్ట్రీట్ అని పేరు మారిస్తే ఊనిక కూడా ఇల్లు మారాలి. ఇక "ఇంగ్లిష్ టీచర్" అన్నప్పుడు "ఇంగ్లిష్" మీద ఊనితే ఇంగ్లిషు చెప్పే మాస్టారు, "టీచర్" మీద ఊనితే ఇంగ్లండు నుంచి వచ్చిన మాస్టారు. మన మాస్టారు తనను పరిచయం చేసుకున్నప్పుడల్లా రెండో రకంగానే పలికారు. ఆయనది పొన్నూరు.

ఇదంతా నవ్వుకుని వదిలేద్దును. కానీ ఆ హాల్లో సత్తెనపల్లి దగ్గర పల్లె నుంచి రోజూ బస్సులో వచ్చే అమ్మాయి ఒకతి ఉంది. పదో తరగతి దాకా తెలుగు మీడియం. మాక్ ఇంటర్వ్యూలో "ఐ విల్ రికార్డ్ ద కాల్" అంది, రికార్డ్‌ని నౌన్‌లా ముందు ఊని. విల్ తర్వాత వచ్చింది నౌన్ అని ఈ భూమ్మీద ఎవరూ అనుకోరు. అయినా అందరి ముందూ నిలబెట్టి, "ఎంటీఐ ఎక్కువ" అని మార్కులు కోశారు. ఎంటీఐ అంటే మాతృభాష ప్రభావమట, జబ్బు పేరు చెప్పినట్టు చెబుతారు. ఆ అమ్మాయి ఏడ్చింది. అడ్వాన్స్‌డ్ కోర్సుకి ఇంకో ఫీజు కట్టమన్నారు.

ఏం రోగం ఇది? ఆ పిల్ల ఇంట్లో "ఏం చేస్తున్నావు" అనదు, "ఏం జేస్తన్నావ్" అంటుంది. మధ్యలో "ఉ"ని "అ"గా నలిపేసి, చివరిదాన్ని పూర్తిగా మింగేసింది. ఆబ్జెక్ట్‌లో కావలసిన పనికి ఇంతకన్నా దగ్గరి విద్య ఏముంది? ఆ పిల్ల నోట్లో ఉన్నదాన్ని చూపించి "ఇదిగో, ఇలాగే అక్కడ కూడా నలుపు" అని చెబితే ఒక పూటలో అయిపోయేది. అది చెప్పడానికి మాస్టారికి ముందు తెలిసుండాలి. తెలియనివాడు సిగ్గుపడాలి కానీ, బస్సు పాసు మీద వచ్చే పిల్లను సిగ్గుపెట్టడమేమిటి? ఆ రెండో ఫీజు తిరిగి ఇచ్చేయండి. మొదటిది కూడా.