గేటు తాళం లేని బోర్డు

2023 నవంబర్ 30. తెలంగాణలో పోలింగ్ రోజు. తెల్లారేసరికి నాగార్జునసాగర్ డ్యామ్ మధ్యలో ముళ్లకంచె వెలిసింది. 26 గేట్లలో 13 తమవేనంటూ ఆంధ్రప్రదేశ్ పోలీసులు ఒకవైపు నిలబడ్డారు, తెలంగాణ పోలీసులు రెండోవైపు. ఆ తర్వాత కుడి కాలువకు నీళ్లు వదిలారు. ఆ నీళ్లను పంచడానికే పుట్టిన కృష్ణా నదీ యాజమాన్య బోర్డు ఆరోజు ఏం చేసింది? నీటి విడుదల ఆపాలని ఆంధ్రప్రదేశ్‌కు లేఖ రాసింది. అంతకుమించి చేయగలిగింది దాని చేతిలో లేదు. చివరకు కేంద్ర హోం శాఖ కలగజేసుకుని డ్యామ్ మీద సీఆర్‌పీఎఫ్‌ను పెట్టాల్సి వచ్చింది.

తప్పు ఏ రాష్ట్రానిది అన్న వాదన ఇప్పటికే చాలా అయింది. మేము అడుగుతున్నది వేరే. బోర్డు అనే పేరు పెట్టి, ఆ పేరుకు తగిన పని చేసే వీలు ఇవ్వకపోతే అది దేనికి?

నీటిపారుదల శాఖ ఎలా నడుస్తుందో కాలువ గట్టు మీద ఉన్న ఎవరికైనా తెలుసు. లస్కర్ షట్టర్ తిప్పుతాడు. అతనికి ఏఈ చెబుతాడు, ఏఈకి డీఈ, డీఈకి ఈఈ, ఆపైన ఎస్ఈ, సీఈ, ఇంజనీర్లందరికీ పెద్ద అయిన ఇంజనీర్-ఇన్-చీఫ్, అంటే ఈఎన్‌సీ. అందరిపైనా కార్యదర్శి, మంత్రి. పై నుంచి ఒక ఫోన్ వస్తే కింద గేటు లేస్తుంది. లేవకపోతే ఎవరి మెడకు చుట్టుకుంటుందో కూడా తెలుసు. పల్నాడులో చివరి ఆయకట్టు రైతుకు నీళ్లు రాకపోతే ఈఈ ఆఫీసుకు వెళ్లి కూర్చుంటాడు. శాఖకు ఉన్న బలం అదే. ఒకే గొలుసు, ఒకే యజమాని.

కానీ యజమానులు ఇద్దరైనప్పుడు ఆ గొలుసు పనికిరాదు. సాగర్ గేట్లను ఏ ఒక్క రాష్ట్ర ఈఎన్‌సీ తిప్పినా రెండో రాష్ట్రం నమ్మదు. అందుకే విభజన చట్టం 85వ సెక్షన్‌లో శాఖ కాకుండా బోర్డును పెట్టారు. కేంద్రం నియమించే చైర్మన్, ఒక్కో రాష్ట్రం నుంచి ఇద్దరు సభ్యులు, వారిలో ఒకరు చీఫ్ ఇంజనీర్‌కు తగ్గని సాంకేతిక సభ్యుడు, మరొకరు పాలనా సభ్యుడు. వీరికి తోడు కేంద్రం నామినేట్ చేసే నిపుణుడు, పూర్తికాలం పనిచేసే సభ్య కార్యదర్శి. అందరూ ఒకే బల్ల చుట్టూ కూర్చుని, ఒకే లెక్కలు ముందు పెట్టుకుని మాట్లాడుకోవాలి. పని నెమ్మదిస్తుంది, నిజమే. ఆ నెమ్మదికి బదులుగా దక్కాల్సింది నమ్మకం.

మరి రోజువారీగా జరుగుతున్నదేమిటి? నీళ్లు కావాలంటే రాష్ట్రాలు బోర్డుకు ఇండెంట్ పెడతాయి. బోర్డు సభ్య కార్యదర్శి, రెండు రాష్ట్రాల ఈఎన్‌సీలు కలిసిన త్రిసభ్య కమిటీ కూర్చుంటుంది. డ్యామ్‌లో మట్టం ఎంత, కనీస మట్టానికి పైన వాడుకోదగ్గది ఎంత, ఇప్పటిదాకా ఎవరు ఎంత వాడారు అని చూస్తుంది. ఒప్పందం కుదిరితే విడుదల ఉత్తర్వు వెలువడుతుంది. కుదరకపోతే వాయిదా. ఒక ఈఎన్‌సీ రాకపోయినా వాయిదానే. గమనించాల్సిందేమిటంటే, ఇది కమిటీ పని. కమిటీ అంటే నలుగురు కూర్చుని తేల్చి, కాగితం మీద పెట్టి లేచిపోయేది. ఆ కాగితాన్ని అమలు చేసేది వేరేవాళ్లు. ఇక్కడ అమలు చేసేది మళ్లీ రాష్ట్ర శాఖే. సాగర్ కుడి కాలువలోకి నీళ్లు వదిలే హెడ్ రెగ్యులేటర్ ఉన్నది ఆంధ్ర గట్టున, దాన్ని తిప్పుతూ వచ్చింది తెలంగాణ ఇంజనీర్లు. ఎందుకంటే విభజన తర్వాత సాగర్ నిర్వహణ తెలంగాణకు, శ్రీశైలం నిర్వహణ ఆంధ్రప్రదేశ్‌కు అని పంచుకున్నారు. బోర్డు పేరు తలుపు మీద, తాళాలు శాఖల జేబుల్లో.

2021 వేసవి చివర్లో దీని ఫలితం ఇంకోసారి కనిపించింది. శ్రీశైలం నిండకముందే ఎడమ గట్టు కేంద్రంలో తెలంగాణ పూర్తిస్థాయిలో కరెంటు తీయడం మొదలుపెట్టింది. ఆపమని బోర్డు రాసింది. ఆగలేదు. పై అధికారి మాట వినకపోతే శాఖలో సస్పెన్షన్ ఉంటుంది. బోర్డు మాట వినకపోతే ఏముంది? ఇంకో లేఖ.

ఆ గొడవ వేడి మీదే 2021 జూలై 15న కేంద్రం గెజిట్ ఇచ్చింది. అక్టోబర్ 14 నుంచి ప్రాజెక్టులు బోర్డు పరిధిలోకి రావాలని, ఒక్కో రాష్ట్రం ఒక్కో బోర్డుకు రూ. 200 కోట్లు జమ చేయాలని అందులో ఉంది. తేదీ దాటిపోయింది. తెలంగాణ ప్రాజెక్టులు అప్పగిస్తే తామూ అప్పగిస్తామని ఆంధ్రప్రదేశ్ షరతు పెట్టింది. తెలంగాణ అప్పగించలేదు. 2024 ఫిబ్రవరిలో అప్పగించబోమని ఆ రాష్ట్ర శాసనసభ తీర్మానమే చేసింది. బోర్డు ప్రధాన కార్యాలయం ఆంధ్రప్రదేశ్‌లో ఉండాలని చట్టంలో రాసి ఉన్నా, ఏళ్ల తరబడి హైదరాబాద్ జలసౌధలోనే నడిచింది. సొంత ఆఫీసు కూడా సర్దుకోలేని సంస్థ డ్యామ్‌ను సర్దుతుందా అని ఎవరైనా నవ్వితే తప్పు పట్టలేం.

తెలంగాణ అభ్యంతరంలో పస లేదనడం లేదు. 811 టీఎంసీల్లో ఆంధ్రప్రదేశ్‌కు 512, తెలంగాణకు 299 అన్నది 2015లో తాత్కాలికంగా ఒప్పుకున్న వాటా. దాన్నే శాశ్వతం చేసి గేట్లు తీసుకుంటారన్న భయం ఉంది. వాటా తేల్చాల్సింది బ్రిజేశ్ కుమార్ ట్రిబ్యునల్. అది న్యాయవిచారణ చేసే సంస్థ, బోర్డు కాదు. అయితే వాటా తేలేదాకా గేటు ఎవరి చేతిలో ఉండాలన్నది వేరే ప్రశ్న. ఈ రెండింటినీ కలిపి చూపడం ఇరువైపుల నాయకులకూ అనుకూలంగానే ఉంది.

ఇక పేర్ల గందరగోళం ఒకటి. కేంద్ర జల సంఘం పేరుకు కమిషన్. తీరుకు జలశక్తి శాఖకు అనుబంధంగా ఉన్న ఇంజనీర్ల కార్యాలయం. సభ్యుల ఓట్లతో తీర్పు చెప్పేది కాదు. తలుపు మీద బోర్డు అని ఉందా, కమిషన్ అని ఉందా అన్నది చూస్తే లోపల ఏముందో తెలియదు. జీతం ఎవరిస్తారు, ఎవరిని ఎవరు బదిలీ చేస్తారు, గేటు ఎవరి మాట మీద లేస్తుంది అన్నవి అడిగితేనే తెలుస్తుంది.

ఈ మూడు ప్రశ్నలకు జవాబున్న బోర్డు పక్కనే, కర్ణాటకలోని హోసపేటలో ఉంది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన 1953లోనే తుంగభద్ర బోర్డు పుట్టింది. డ్యామ్, గేట్లు దాని చేతిలోనివే. ఇంజనీర్లు రాష్ట్రాల నుంచి డెప్యుటేషన్ మీద వచ్చినా ఆ కాలమంతా బోర్డు కింద పనిచేస్తారు. అంతా సవ్యంగా ఉందని కాదు. 2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. నీళ్లు వృథాగా పోతుంటే వారం రోజులు కింద రైతులు టెన్షన్‌తో గడిపారు. పాత గేట్లను ముందే ఎందుకు మార్చలేదన్న నిలదీత సరైనదే. ఆ నిలదీత ఎవరిని చేయాలో మాత్రం అందరికీ తెలుసు. డ్యామ్ నిర్వహించేది బోర్డే కాబట్టి, నీళ్లకు తాత్కాలికంగా అడ్డుపెట్టే స్టాప్‌లాగ్ గేటు బిగించే పనికీ బోర్డే నిలబడాల్సి వచ్చింది. సాగర్‌లో అలాంటి గేటు ఊడితే మొదటి రెండు రోజులూ అది ఎవరిదన్న వాదనకే సరిపోతుంది.

అన్ని ప్రాజెక్టులూ ఒక్కసారిగా బోర్డుకు అప్పగించమని మేము అనడం లేదు. సాగర్ కుడి కాలువ హెడ్ రెగ్యులేటర్‌తో మొదలుపెట్టవచ్చు. వాటాలపై ఏ రాష్ట్రం వాదనకూ ఇది అడ్డు కాదని ముందే రాసుకుని, రెండు రాష్ట్రాల నుంచీ సమానంగా ఇంజనీర్లను, లస్కర్లను తీసుకుని, వారి జీతం బోర్డు నుంచే ఇవ్వాలి. వచ్చే బోర్డు సమావేశం ఎజెండాలో మొదటి అంశంగా దీన్ని పెట్టి, ఆ షట్టర్ తాళం ఏ అధికారి దగ్గర ఉంటుందో మినిట్స్‌లో హోదాతో సహా రాయాలి.