సవరణ: V మొన ఎటు చూస్తే లోయ?

"కాంటూర్ గీతల V మొన ఎత్తైన అంకె వైపు ఉంటే అది కొండ వెన్ను, దాని మీదుగా దిగొచ్చు." మ్యాపులో ఒకే ఎత్తున్న చోట్లను కలిపే కాంటూర్ గీతల గురించి కిందటి పోస్టులో ఇలా రాశాను.

ఇది తలకిందులు, తప్పు నాదే. మొన ఎత్తైన అంకె వైపు చూస్తే అది లోయ. తక్కువ అంకె వైపు చూస్తే కొండ వెన్ను. సర్వే మ్యాపుల వాడకంపై ఏ పాఠ్యపుస్తకం చూసినా ఇదే ఉంటుంది.

ఉదాహరణకు 640, 660, 680 మీటర్ల గీతలు మూడూ ఒకే చోట వంగి, మొనలు 680 వైపు తిరిగాయనుకోండి. ఆ మొనల్ని కలిపితే వచ్చేది నీటి దారి. మ్యాపులో నీలిగీత లేకపోయినా వాన పడితే నీళ్లు అక్కడే దిగుతాయి. పైన సులువుగా కనిపించే ఇలాంటి వాగు, కింద నిలువు రాతి దగ్గర ఆగిపోవచ్చు. అప్పుడు వెనక్కి ఎక్కడమే కష్టం. పక్కన మొనలు 640 వైపు తిరిగిన వెన్ను ఉంటే, వాలు చూసుకుని అటు దిగడం మేలు.

వాలు లెక్క మాత్రం ఆ పోస్టులో సరిగ్గానే ఉంది. 1:50,000 మ్యాపులో 100 మీటర్ల తేడా ఉన్న రెండు లావు గీతల మధ్య 4 మిల్లీమీటర్లుంటే, నేల మీద అడ్డదూరం 200 మీటర్లు. అంటే దాదాపు 27 డిగ్రీల వాలు, బరువుతో దిగడానికి కష్టమే. పక్కపక్క గీతల మధ్య ఎత్తు తేడా 20 మీటర్లయితే, 15 మీటర్ల నిలువు రాయి వాటి మధ్య కనపడకుండా దాగొచ్చు.