మూడు గ్రహాలకు ఒకే ఖనిజం: కెంపు, నీలం, కనకపుష్యరాగం

జ్యోతిష సంప్రదాయంలో కెంపు సూర్యుడిది, నీలం శనిది, కనకపుష్యరాగం గురువుది. సూర్యుడికీ శనికీ పడదు కాబట్టి కెంపునూ నీలాన్నీ కలిపి ధరించరాదని కూడా చెబుతారు. ఖనిజంగా చూస్తే ఈ మూడూ ఒకటే: అల్యూమినియం ఆక్సైడ్, మన పాత మాటలో కురువిందం. శుద్ధమైన కురువిందానికి రంగే ఉండదు. అందులో ఒక శాతం లోపు క్రోమియం చేరితే అది కెంపు అవుతుంది. అంతకన్నా చాలా తక్కువ మోతాదులో ఇనుము, టైటానియం రెండూ చేరితే నీలమవుతుంది. పసుపు రంగు చాలా రాళ్లలో ఇనుము వల్లే వస్తుంది.

శ్రీలంకలో దొరికే ‘గ్యూడా’ అనే పాలరంగు కురువిందాన్ని చూస్తే ఈ సంగతి ఇంకా స్పష్టమవుతుంది. ఆ రాయిలో టైటానియం సన్నని సూదుల రూపంలో విడిగా పేరుకుని ఉంటుంది కనుక ఇనుముతో కలిసి రంగునివ్వలేదు. ఆక్సిజన్ తక్కువగా ఉన్న కొలిమిలో 1500 డిగ్రీల సెల్సియస్ దాటించి కాలిస్తే ఆ సూదులు కరిగి, రాయి నీలంగా మారుతుంది. 1970ల నుంచి ఇది వ్యాపారంలో మామూలు పద్ధతి అయింది. కొలిమికి ముందు ఏ గ్రహానికీ చెందని రాయి, తర్వాత శని రత్నంగా అమ్ముడవుతోంది. శక్తి రాయిలో ఉందా, రంగులో ఉందా అన్న ప్రశ్నకు నమ్మేవారి నుంచి నాకు సూటి సమాధానం దొరకలేదు.

అసలు నష్టం జరిగేది, ధరించే రాయిలో మచ్చా గీతా ఉండకూడదని చెప్పే ‘దోషం లేని రాయి’ అన్న నియమం దగ్గర. పదిరెట్ల భూతద్దంలో సహజ కురువిందంలో తరచూ కనిపించే సన్నని తిన్నని సూదులు, 60 డిగ్రీల కోణంలో ఒకదాన్నొకటి దాటుతూ, ఆ రాయి భూమిలో పుట్టిందనడానికి సాక్ష్యంగా నిలుస్తాయి. అవి చెదరకుండా ఉంటే ఎక్కువ వేడికి గురి కాలేదని కూడా సూచన. ఏ మచ్చా లేకుండా, లోపల వంపు తిరిగిన గీతలతో, అక్కడక్కడ గాలిబుడగలతో కనిపించే కెంపు మాత్రం ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త వెర్న్యూయి 1902లో ప్రకటించిన, పొడిని మంటలో కరిగించి రాయిగా పెంచే జ్వాలా పద్ధతిలో తయారైనది కావచ్చు. దాని రసాయన స్వభావం, గట్టిదనం సహజ కెంపువే, ధర మాత్రం అందులో స్వల్ప భాగం. మచ్చలేని రాయి కావాలని పట్టుబట్టే కొనుగోలుదారు, తెలియకుండానే ఇలాంటి దాని వైపు జరుగుతాడు.

పుట్టిన నెలను బట్టి రాయిని సూచించే జన్మమాసపు రాళ్ల జాబితాకు జ్యోతిష సంప్రదాయానికి ఉన్నంత ప్రాచీనత కూడా లేదు. ఇప్పుడు వాడుకలో ఉన్న వరుసను 1912లో అమెరికా నగల వ్యాపారుల సంఘం ఖరారు చేసింది. 1967లో మాత్రమే బయటపడిన టాంజనైట్‌ను 2002లో డిసెంబరుకు చేర్చారు.

కాబట్టి అమ్మే మనిషి చెప్పే మాటలను రెండుగా విడదీసి వినాలి. ఖనిజం ఏది, సహజమా కృత్రిమమా, కాల్చారా, పగుళ్లలో గాజు నింపారా అన్నవి పరీక్షకు నిలిచే విషయాలు. స్వతంత్ర ప్రయోగశాల నివేదిక వీటికే జవాబిస్తుంది. ధరించినవారి ఉద్యోగం, వివాహం, ఆరోగ్యం గురించిన హామీకి ఆ నివేదికలో గడే ఉండదు.