సార్వా కోతలకు బిగించిన మిషనుకు సగం తరుగుదలే

గోదావరి డెల్టాలో రైస్ మిల్లు నడిపేవాళ్లకు ఏడాది రెండు పంటల చుట్టూ తిరుగుతుంది. సార్వా ధాన్యం నవంబరు, డిసెంబరుల్లో మిల్లుకు వస్తుంది. కొత్త మిషను కొనాలన్న ఆలోచన కూడా ఆ ధాన్యం వచ్చే ముందే పుడుతుంది. ఆదాయపు పన్ను లెక్కలో ఆ అలవాటుకు ఒక ఖరీదు ఉంది. చాలామందికి అది రిటర్న్ వేసే రోజున గానీ తెలియదు.

వాడకంతో మిషను విలువ తగ్గుతుందని ఏటా ఆదాయం నుంచి తీసేసే మొత్తమే తరుగుదల. పన్ను చట్టం ఒక్కో మిషనుకు విడిగా దాన్ని లెక్కించదు. ఒకే తరగతికి చెంది, ఒకే రేటు ఉన్న ఆస్తులన్నింటినీ ఒక బ్లాక్‌గా చూస్తుంది. మిల్లు మిషన్లు, జనరేటరు, వ్యాపారం పేరున ఉన్న కారు అన్నీ ప్లాంట్, మెషినరీ కింద 15 శాతం బ్లాక్‌లోనే ఉంటాయి. కంప్యూటర్లది వేరే బ్లాక్, వాటికి 40 శాతం. అందుకే కారు అమ్మితే తగ్గేది బాయిలర్, డ్రయ్యర్ ఉన్న బ్లాక్ విలువే.

తణుకు పక్కన ఒక మిల్లు ఉందనుకుందాం. 2024 ఏప్రిల్ 1న దాని 15 శాతం బ్లాక్‌లో, పాత తరుగుదలలన్నీ పోగా మిగిలిన విలువ 40 లక్షలు. జూన్‌లో 12 లక్షలకు డ్రయ్యర్ కొని వెంటనే వాడుకలో పెట్టారు. 24 లక్షల కలర్ సార్టర్ ఆగస్టులోనే మిల్లుకు చేరింది. కానీ బిగింపు ఆలస్యమై, అది పనిచేయడం నవంబరు 10న మొదలైంది. డిసెంబరులో పాత బాయిలర్‌ను 6 లక్షలకు అమ్మేశారు.

చట్టం చూసేది బిల్లు తేదీని కాదు, మిషను వ్యాపారంలో వాడుకలోకి వచ్చిన తేదీని. ఆ ఏడాదే కొని, అందులో 180 రోజులకంటే తక్కువ వాడిన ఆస్తికి సగం రేటే వస్తుంది. 2025 మార్చి 31 నుంచి వెనక్కి లెక్కిస్తే 180 రోజులు అక్టోబరు 3 దగ్గర పూర్తవుతాయి. నవంబరు 10న మొదలైన సార్టర్‌కు దక్కింది 142 రోజులే.

కాబట్టి 40 లక్షలకు డ్రయ్యర్ 12 లక్షలు కలిపి, బాయిలర్ 6 లక్షలు తీసేస్తే 46 లక్షలు. దానిపై 15 శాతం అంటే 6.90 లక్షలు. సార్టర్ 24 లక్షలపై ఏడున్నర శాతం, 1.80 లక్షలు. మొత్తం 8.70 లక్షలు. మిగిలిన 61.30 లక్షలు వచ్చే ఏడాది ప్రారంభ విలువ అవుతుంది. (తయారీ యూనిట్లకు దొరికే అదనపు తరుగుదల లెక్క వేరు, దాన్ని ఇక్కడ కలపలేదు.)

సార్టర్‌ను సెప్టెంబరులోనే బిగించి మిగిలిన దాళ్వా ధాన్యం ఆడించి ఉంటే, ఈ ఏడాది పన్ను పడే ఆదాయంలో ఇంకో 1.80 లక్షలు తగ్గేవి. భాగస్వామ్య సంస్థకు 30 శాతం పన్ను, దానిపై సెస్సు కలిపితే అది 56,160 రూపాయలు. ఆ డబ్బు పూర్తిగా పోయినట్టు కాదు. విలువ బ్లాక్‌లోనే ఉండి, ఏటా కొంచెం కొంచెంగా తరుగుతూ వస్తుంది. నిజంగా పోయేది ఈ ఏడాది చేతిలో ఉండాల్సిన డబ్బు. ధాన్యం కొనుగోలుకు బ్యాంకు అప్పు తెచ్చుకునే నెలల్లో అది చిన్న విషయం కాదు. అలాగని బిల్లు చూపించి వాడుక తేదీ ముందుకు జరపకూడదు. బిగింపు రిపోర్టు, కరెంటు వాడకం, మర ఆడించిన రిజిస్టరు మూడూ ఒకే తేదీ చెప్పకపోతే విచారణలో ఆ క్లెయిమ్ నిలబడదు.

నాకు అభ్యంతరం ఉన్నది 180 రోజుల గీత మీద. సార్వా అంతా 142 రోజులు పనిచేసిన సార్టర్‌కూ, మార్చి 31న స్విచ్ వేసిన మిషనుకూ ఒకే సగం. నెలల లెక్కన ఇస్తే పంటను బట్టి కొనేవాళ్లకు న్యాయం జరుగుతుంది.

అమ్మకం దగ్గర ఈ రోజుల లెక్కే లేదు. బాయిలర్ ఎనిమిది నెలలు పనిచేసినా 6 లక్షలూ బ్లాక్ నుంచి పోయాయి. మిల్లు సొంత పుస్తకాల్లో దాని విలువ 2 లక్షలుగా ఉంటే, గుమస్తా 4 లక్షల లాభం రాస్తాడు. పన్ను లెక్కలో ఆ లాభాన్ని తీసేయాలి. లేకపోతే అదే డబ్బు ఒకసారి ఆదాయంగా, ఇంకోసారి బ్లాక్‌లో కోతగా రెండుసార్లు దెబ్బ తీస్తుంది. నేను చూసిన లెక్కల్లో ఎక్కువగా కనిపించే తప్పు ఇదే.

పాత మిషన్లు ఇంకా ఎక్కువ అమ్మి, 6 లక్షలకు బదులు 55 లక్షలు వచ్చాయనుకోండి. 40, 12 కలిపితే 52 లక్షలే. మిగతా 3 లక్షలను లాభంగా చూపించేసి కంగారు పడనక్కర్లేదు. అది సార్టర్ విలువ నుంచి తగ్గుతుంది. మిగిలిన 21 లక్షలకు సగం రేటు వస్తుంది. అమ్మకం సొమ్ము 76 లక్షలు దాటితేనో, బ్లాక్‌లో ఒక్క ఆస్తీ మిగలకపోతేనో స్వల్పకాలిక మూలధన లాభనష్టాల లెక్క వస్తుంది.

మన మిల్లు విషయానికే వస్తే, బాయిలర్ కొనేవాడు ఏప్రిల్ దాకా ఆగడానికి ఒప్పుకుని ఉంటే ఈ ఏడాది తరుగుదల 90 వేలు పెరిగేది. కానీ ధర అయిదు వేలు తగ్గిస్తానన్నా, షెడ్డులో చోటు కావాల్సి వచ్చినా లెక్క మారుతుంది. ఆ 90 వేల మీద మిగిలే పన్ను 28,080 రూపాయలే, అందులోనూ చాలా భాగం తర్వాతి ఏళ్లలో తిరిగి కట్టాల్సిందే.