మొత్తం వంద వచ్చింది సరే, ఎవరి వాటా ఎవరి పేరు మీద పడింది?

పార్ట్‌నర్‌షిప్ డీడ్ చెక్ చేశాం అని చెప్పేవాళ్లలో చాలామంది చేసేది ఒక్కటే పని, లాభాల క్లాజ్ దగ్గరికెళ్లి పర్సెంటేజీలు కూడుతారు, వంద వస్తే టిక్ పెట్టేసి తర్వాతి పేజీకి వెళ్లిపోతారు. ఆ కూడికతో డీడ్ సరిచూసినట్టు కాదనేది నా వాదన. ఒకరి వాటా రాయడం మర్చిపోతేనో, ఒక అంకె తప్పు టైప్ అయితేనో అది పట్టుకుంటుంది, కానీ అలాంటివి ఎలాగూ ఎవరో ఒకరి కంట్లో పడతాయి. అసలు కొంపముంచే తప్పు వేరే. అంకెలన్నీ కరెక్ట్‌గానే ఉంటాయి, మొత్తం వందే వస్తుంది, కానీ వాటా వేరేవాళ్ల పేరు మీదకి జరిగిపోయి ఉంటుంది.

ఎలా జరుగుతుందో చూద్దాం. ఒక ఫర్మ్‌లో నలుగురు ఉన్నారనుకోండి. డీడ్ మొదటి పేజీలో పేర్లు, అడ్రస్‌లు రాసి వీళ్లని మొదటి పార్టీ, రెండో పార్టీ, మూడో పార్టీ, నాలుగో పార్టీ అంటారు, అక్కడి నుంచి పేర్లు మళ్లీ కనపడవు. ఎక్కడో లోపలి పేజీలో లాభాల క్లాజ్ వస్తుంది, అందులో మొదటి పార్టీకి 40, రెండో పార్టీకి 25, మూడో పార్టీకి 20, నాలుగో పార్టీకి 15 శాతం అని ఉంటుంది. కొన్నాళ్లకి రెండో పార్టీ రిటైర్ అయ్యారు, ఆయన 25 శాతం వాటాతోనే కొత్తగా ఒకావిడ చేరారు. కొత్త డీడ్ రాయాలి కదా, పాత ఫైల్ తెరుస్తారు, మొదటి పేజీలో ఆయన పేరు తీసేస్తారు, మిగతావాళ్లు ఒక్కో మెట్టు పైకి జరుగుతారు, కొత్తావిడ చివర్లో నాలుగో పార్టీగా వస్తారు. లాభాల క్లాజ్‌ని మాత్రం ఎవరూ ముట్టుకోరు. ఎందుకు ముట్టుకుంటారు, పార్ట్‌నర్లు అప్పుడూ నలుగురే, ఇప్పుడూ నలుగురే, మొత్తం అప్పుడూ వందే ఇప్పుడూ వందే!

ఇప్పుడు ఆ క్లాజ్‌ని పేర్లు పెట్టి చదవండి. పాత మూడో ఆయన ఇప్పుడు రెండో పార్టీ, కాబట్టి ఆయనకి 20 బదులు 25. పాత నాలుగో ఆయన ఇప్పుడు మూడో పార్టీ, 15 బదులు 20. 25 అని మాట తీసుకుని వచ్చినావిడకి కాగితం మీద మిగిలింది 15. పంచాల్సిన లాభం 12 లక్షలు అయితే ఆవిడకి 3 లక్షలు రావాల్సింది 1,80,000 వస్తుంది, ఆ తేడా 1,20,000 మిగతా ఇద్దరికీ చెరో అరవై వేలుగా వెళ్తుంది. మొదటి పార్టీకి ఏ తేడా రాదు, కాబట్టి ఆయనకి అనుమానమే రాదు, ఫర్మ్‌లో లెక్కలు బాగా తెలిసినాయన ఆయనే అయితే ఇక ఎవరూ అడగరు.

దీనికి విరుగుడు క్యాలిక్యులేటర్‌లో లేదు. మొదటి పేజీ పక్కన లాభాల క్లాజ్ పెట్టుకుని, ఒక తెల్లకాగితం మీద ప్రతి పేరూ రాసి దానికెదురుగా వాటా రాసుకోవాలి, తర్వాత అదే పని నష్టాల క్లాజ్‌కీ, ఫర్మ్ మూసేస్తే మిగిలింది పంచుకునే క్లాజ్‌కీ విడివిడిగా చేయాలి, ఎందుకంటే చాలా డీడ్‌లలో నిష్పత్తి ఈ మూడు చోట్లా మళ్లీ మళ్లీ టైప్ చేసి ఉంటుంది, మార్చేవాళ్లు ఒకచోట మార్చి రెండుచోట్ల మర్చిపోతారు.

భిన్నాలు, పర్సెంటేజీలు రెండూ కలిపి రాసే అలవాటు ఇంకో పెద్ద సమస్య. క్లియర్‌గా ఉంటుందని రాస్తారు గానీ నా లెక్కలో అది డీడ్‌లో రెండు వేర్వేరు ఒప్పందాలు పెట్టడమే. ఒక డీడ్‌లో ముగ్గురికి 3/8, 3/8, 1/4 అని రాసి పక్కన 35, 35, 30 శాతం అని ఉందనుకోండి. భిన్నాలు కూడితే ఒకటి, పర్సెంటేజీలు కూడితే వంద, రెండూ పాస్. కానీ 3/8 అంటే ముప్పై ఏడున్నర శాతం, 1/4 అంటే 25. మూడో పార్ట్‌నర్ పర్సెంటేజీ పట్టుకుని 12 లక్షల్లో 3,60,000 అడుగుతాడు, మిగతా ఇద్దరు భిన్నం చూపించి మూడు లక్షలే అంటారు, కాగితం మీద ఇద్దరిదీ కరెక్టే. అంకెల్లో ఒకటి అక్షరాల్లో ఒకటి ఉంటే అక్షరాల్లో ఉన్నదానికే విలువ ఇవ్వడం మామూలుగా జరిగేది, భిన్నానికీ పర్సెంటేజీకీ మధ్య అలాంటి ఆనవాయితీ కూడా లేదు.

అందుకే వాటాని భిన్నంలోనే రాయాలి, ఒక్కసారే రాయాలి, పేరు పక్కనే రాయాలి. మూడు సమాన వాటాలకి 1/3 అని రాస్తే మిగిలేది ఏమీ ఉండదు. 33 శాతం అని ముగ్గురికీ రాస్తే 12 లక్షల మీద పన్నెండు వేలు ఎవరికీ చెందకుండా ఉంటాయి, 33.33 రాసినా 120 మిగులుతాయి. మొత్తం చిన్నదే కావచ్చు, కానీ ఆ మిగిలింది ఎవరిదో డీడ్ చెప్పదు, ఏటా అకౌంటెంట్ తనకి తోచినట్టు ఎవరో ఒకరి ఖాతాలో సర్దేస్తాడు.

ఫారాలన్నీ పర్సెంటేజీయే అడుగుతాయి, బ్యాంకులో అయినా ట్యాక్స్ వాళ్ల దగ్గరైనా భిన్నం నింపే గడే ఉండదు అంటారు కొందరు. నిజమే. ఫారంలో పర్సెంటేజీ నింపండి, కావాలంటే ఒకరికి 33.34 వేయండి, ఆ ఒక్కరు ఎవరో ముందే మాట్లాడుకోండి. కానీ ఫారం సౌకర్యం కోసం ఒప్పందాన్నే రౌండ్ చేయడం ఏం న్యాయం?

ఇప్పటికే నడుస్తున్న ఫర్మ్ అయితే ఇంకో పరీక్ష ఉంది. పోయిన ఏడాది లెక్కల్లో ఒక్కో పార్ట్‌నర్ ఖాతాకి వెళ్లిన లాభం తీసుకుని పంచిన మొత్తం లాభంతో భాగించండి, వచ్చినది డీడ్‌లో వాటాతో కలవాలి. ఒక జాగ్రత్త, ఇక్కడ పంచిన లాభం అంటే పెట్టుబడి మీద వడ్డీ, పార్ట్‌నర్ల జీతాలు తీసేశాక మిగిలింది. అవి తీయకుండా భాగిస్తే డీడ్ బాగానే ఉన్నా నిష్పత్తి తప్పొస్తుంది, లేనిపోని గొడవ మొదలవుతుంది.

కలవకపోతే పెన్నుతో కొట్టేసి పైన రాసి ఊరుకోకూడదు. అందరూ ఒప్పుకుంటే సవరణ డీడ్ రాసుకుని, ఏ తేదీ నుంచి వర్తిస్తుందో వేసి అందరూ సంతకాలు పెట్టాలి. ఒక్కరు అడ్డం తిరిగినా కోర్టుకెళ్లి అది ఇరువైపులా జరిగిన పొరపాటని నిరూపించుకోవాలి, మన దేశంలో 1963 స్పెసిఫిక్ రిలీఫ్ యాక్ట్ 26వ సెక్షన్ ఉన్నది దానికే. ఏళ్ల తరబడి అందరూ ఒప్పుకుని పంచుకున్న తీరు అక్కడ సాక్ష్యంగా పనికొస్తుంది, అంటే పైన చెప్పిన భాగాహారం మీ కేసులో మొదటి కాగితం అవుతుంది. డీడ్‌లో వాటాల మాటే లేకపోతే మాత్రం చట్టం సమానంగా పంచేస్తుంది, 1890 బ్రిటిష్ పార్ట్‌నర్‌షిప్ చట్టం 24వ సెక్షన్‌దీ 1932 భారత పార్ట్‌నర్‌షిప్ చట్టం 13వ సెక్షన్‌దీ ఇదే మాట, ఎవరు ఎంత పెట్టుబడి పెట్టారని చూడవు.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఈ లాభాల క్లాజ్ ఒక్కటే కాదు. అద్దె అగ్రిమెంట్ చూడండి, అప్పు పత్రం చూడండి, ఒకే విషయాన్ని నాలుగు చోట్ల రాయడమే పకడ్బందీ అనుకుంటున్నాం. ఎన్నిసార్లు రాస్తే అన్నిచోట్ల మార్చాలి, మార్చేవాళ్లకి అన్నీ గుర్తుండవు, చివరికి నష్టపోయేది చదవడం రానివాళ్లో కొత్తగా చేరినవాళ్లో. పేరు, వాటా ఒక చిన్న పట్టికలో ఒకేచోట పెట్టి, మిగతా క్లాజులన్నీ "పై పట్టిక ప్రకారం" అంటే చాలు. డీడ్ రాసిపెట్టేవాళ్లు ఇలా చేయడానికి పైసా ఎక్కువ ఖర్చవదు, అడగాల్సింది సంతకం పెట్టేవాళ్లు, అదీ సంతకానికి ముందే.