పీఎఫ్‌లో రెండు యూఏఎన్‌లు: ఉంచుకోవాల్సింది ఏది?

నెల్లూరు దగ్గర రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో ఆరేళ్లు పనిచేసి, తర్వాత చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీలో చేరి ఐదేళ్లయిన ఒక కార్మికుణ్ని ఉదాహరణగా తీసుకుందాం. మొదటిచోట అతని ఇంటిపేరు పొడి అక్షరంగా నమోదైంది, రెండోచోట ఆధార్‌లో ఉన్నట్టు పూర్తిగా పడింది. చేరేటప్పుడు పాత నంబరు చెప్పకపోవడంతో పీఎఫ్ సభ్యుడి గుర్తింపు నంబరైన యూఏఎన్ అతనికి రెండోది వచ్చింది. ‘రెండూ నావే కదా, కలిపేయండి’ అని అతను అడగడం సహజమే గానీ, అలా కలపడానికి వీల్లేదు.

2014లో వచ్చిన ఈ పన్నెండంకెల నంబరు డబ్బుండే ఖాతా కాదు. దాని కింద ఒక్కో సంస్థకు ఒక్కో మెంబర్ ఐడీ ఉంటుంది. చేరిన తేదీ, మానేసిన తేదీ, నెలనెలా జమ అన్నీ ఆ ఐడీ మీదే ఉంటాయి. ఆ లెక్కకు బాధ్యత ఆ యజమానిది. ఒకరి లెక్కను మరొకరి పద్దులో కలిపేస్తే ఏ నెల జమ ఎవరు కట్టారో, ఎవరు ఎగ్గొట్టారో తేల్చడానికి ఆధారం మిగలదు. అందుకే ఒక నంబరును ఉంచి, రెండోదాన్ని నిలిపివేసి, దాని కింది సొమ్మును బదిలీ చేస్తారు.

ఉంచుకోవాల్సింది ఇప్పటి యజమాని జమ చేస్తున్న నంబరే. ఒక ఆధార్ ఒక్క యూఏఎన్‌కే అనుసంధానమవుతుంది, 2021 నుంచి ఆధార్ లేని నంబరుకు యజమాని చందా కట్టలేడు కాబట్టి మన కార్మికుడి విషయంలో ఆధార్ కూడా చీమకుర్తి నంబరుకే ఉంటుంది. పాతదానిలో సొమ్ము ఎక్కువుందని దాన్నే పట్టుకోవడం పొరపాటు. ఆ సొమ్ము ఎటూ బదిలీ అవుతుంది.

చిక్కల్లా పాత నంబరులో మానేసిన తేదీ ఖాళీగా ఉన్నప్పుడే. చివరి జమ తర్వాత రెండు నెలలు గడిస్తే పీఎఫ్ సభ్యుల పోర్టల్‌లో Mark Exit ద్వారా సభ్యుడే ఆ తేదీ వేసుకోవచ్చు గానీ, దానికి ఆధార్ ఓటీపీ కావాలి. ఆధార్ లేని పాత నంబరుకు ఆ దారి లేదు. అప్పుడు పాత యజమానే తేదీ వేయాలి. పేరు తేడాను సభ్యుడు, యజమాని కలిసి ఇచ్చే జాయింట్ డిక్లరేషన్‌తో ముందే సరిచేయించుకోవాలి, లేకపోతే రెండు నంబర్లూ ఒకే మనిషివని పీఎఫ్ కార్యాలయం ఒప్పుకోదు.

బదిలీ అయ్యాక కొత్త పాస్‌బుక్‌లో పెన్షన్ గడిలో సున్నా కనిపిస్తుంది. దాన్ని చూసి ఆరేళ్ల పెన్షన్ పోయిందని బెంబేలెత్తేవారున్నారు. నిజానికి పెన్షన్ చందా ఉమ్మడి నిధిలోకి పోతుంది, దానికి విడి నిల్వ ఉండదు. బదిలీలో వెళ్లేది సర్వీసు లెక్కే. బదిలీ వివరాలుండే అనెక్చర్-కె అనే పత్రంలో ఆ ఆరేళ్లు చేరాయో లేదో చూసుకోవడమే ముఖ్యం. పెన్షన్‌కు పదేళ్లు కావాలి. ఆరు, ఐదు కలిసి పదకొండు అవుతాయి. విసిగిపోయి ఫారం 10సీతో పాత పెన్షన్ సొమ్ము తీసేసుకుంటే మాత్రం మిగిలేది ఐదేళ్లే.