పాటకూ పాటకూ మధ్య 1,728 శాంపిళ్లు

స్టూడియో పాటలు ఎంపీ3లో ఎన్ని విన్నా, పాటకూ పాటకూ మధ్య ఖాళీ పడే ఈ లోపం బయటపడదు. పాట నిశ్శబ్దంలో మొదలై నిశ్శబ్దంలోనే ముగుస్తుంది కాబట్టి, దానికి మరో నలభై మిల్లీసెకన్ల నిశ్శబ్దం తోడైనా చెవికి ఆనదు. లైవ్ ఆల్బమ్ అలా కాదు. చప్పట్లు, ఈలలు, హాలు హోరు ఒక ట్రాక్ నుంచి ఇంకో ట్రాక్‌లోకి తెగకుండా సాగుతాయి. ఎంపీ3గా మార్చి వింటే సరిగ్గా ట్రాక్ మారే చోట ఆ హోరు ఠక్కున ఆగి మళ్లీ అందుకుంటుంది. చాలామంది నెపాన్ని ప్లేయర్ మీదకు నెట్టేస్తారు. నిజానికి ఆ ఖాళీ ఫైల్లోనే ఉంది.

ఎంపీ3 శబ్దాన్ని ఒక్కో శాంపిల్‌గా, అంటే సెకనుకు వేలసార్లు తీసే శబ్దపు కొలతలు ఒక్కొక్కటిగా కాక, ముక్కలుగా దాస్తుంది. పక్కపక్క ముక్కలు సగం మేర ఒకదాని మీద ఒకటి పడతాయి. విప్పేటప్పుడు ఆ రెండింటినీ కలిపితేనే మధ్యనున్న శబ్దం సరిగ్గా వస్తుంది. మరి పాటలోని మొట్టమొదటి ముక్కకు ముందు ఏ ముక్కా లేదు కదా! అందుకే ఎంపీ3 తయారుచేసే ఎన్‌కోడర్ పాటకు ముందు కొంత నిశ్శబ్దం పెట్టి, దాని మీద పాటను మొదలుపెడుతుంది. లేమ్ ఎన్‌కోడర్ మామూలుగా పెట్టేది 576 శాంపిళ్లు. విప్పే డీకోడర్‌లోని ఫిల్టర్ల వల్ల ఇంకో 529 శాంపిళ్ల ఆలస్యం వస్తుంది. చివర్లో ఇంకో తంటా ఉంది. ఫైలును ఫ్రేములుగా రాస్తారు. ఒక ఫ్రేమ్ అంటే 1,152 శాంపిళ్లు, సగం ఫ్రేమ్ రాయడం కుదరదు. మిగిలిన చోటును సున్నాలతో నింపాలి.

సీడీ నుంచి తీసిన, సరిగ్గా నాలుగు నిమిషాల ట్రాక్ తీసుకుందాం. సెకనుకు 44,100 చొప్పున మొత్తం 1,05,84,000 శాంపిళ్లు. ముందు 576 చేరితే సరిగ్గా 9,188 ఫ్రేములు. డీకోడర్ ఆలస్యం వల్ల చివరి శబ్దం పూర్తిగా బయటికి రావాలంటే ఇంకో ఫ్రేమ్ కావాలి కాబట్టి, చివర 1,152 చేరి ఫైలు 9,189 ఫ్రేములు అవుతుంది. అంటే 1,05,85,728 శాంపిళ్లు. ఉన్నదున్నట్టు వాయించే ప్లేయర్‌లో పాటకు ముందు 1,105 శాంపిళ్లు, తర్వాత 623 శాంపిళ్లు నిశ్శబ్దం వినిపిస్తుంది. ఇలాంటి రెండు ట్రాకులు కలిసే చోట 1,728 శాంపిళ్లు, అంటే 39 మిల్లీసెకన్ల ఖాళీ. చప్పట్ల మధ్యలో అది పంటికింద రాయిలా తగులుతుంది.

ఇందులో ఎన్‌కోడర్‌ను తప్పుపట్టలేం. తప్పు 1993 నాటి ప్రమాణానిది: పాట అసలు పొడవు రాసుకోవడానికి అందులో చోటే లేదు. ఆ లోటును లేమ్ తనే పూడ్చింది. ఫైలు మొదటి ఫ్రేములో ఉండే ట్యాగ్‌లో ముందు ఎన్ని, వెనక ఎన్ని శాంపిళ్లు కలిపిందో రాసిపెడుతుంది. మన ట్రాక్‌కైతే 576, 1,152. ఆ అంకెలు చదివే ప్లేయర్ ముందు 1,105, వెనక 623 కత్తిరించి అసలు పొడవును తిరిగి ఇస్తుంది. చదవని ప్లేయర్‌కు అవి ఉన్నా లేనట్టే. ఫైలును ఎంపీ3 కట్టర్‌తో కోస్తే ఆ ట్యాగ్ పోవచ్చు, లేదా పాత అంకెలతో అలాగే మిగిలి తప్పుదోవ పట్టించవచ్చు.

తనిఖీ సులువే:

```
ffprobe 04.mp3
ffmpeg -i 04.mp3 04.wav
soxi -s 04.wav
```

మొదటి ఆదేశం ఇచ్చే వివరాల్లో `start: 0.025057` కనిపిస్తే ట్యాగ్ ఉన్నట్టే. 1,105ను 44,100తో భాగిస్తే వచ్చేది అదే. చివరి ఆదేశం శాంపిళ్ల లెక్క చెబుతుంది. అది సీడీ నుంచి తీసిన వేవ్ ఫైలుతో అచ్చంగా సరిపోవాలి. సరిపోయినా వినేటప్పుడు ఖాళీ వస్తుంటే అప్పుడు ప్లేయర్‌ను నిలదీయండి: ట్యాగ్‌ను పట్టించుకోవడం లేదు, లేదా ఒక ఫైలు ముగిశాక గానీ రెండోది తెరవడం లేదు.

ఏఏసీ ఫార్మాట్‌లోనూ ఇదే కథ. ఐట్యూన్స్ 2,112 శాంపిళ్లు ముందు పెట్టి, ఆ సంగతిని `iTunSMPB` అనే ట్యాగ్‌లో హెక్సాడెసిమల్ అంకెల్లో `00000840` అని రాస్తుంది. ఓపస్ ఫార్మాట్ ఈ విషయంలో మెరుగు. మొదట్లో ఎన్ని శాంపిళ్లు వదిలేయాలో దాని హెడర్‌లో తప్పనిసరిగా ఉంటుంది.

కొందరు క్రాస్‌ఫేడ్ పెట్టుకోమంటారు. అది వైద్యం కాదు, మేకప్. రెండు ట్రాకుల చివరలను ఒకదాని మీద ఒకటి వేస్తుంది కాబట్టి ఖాళీ వినపడకపోవచ్చు. తాళం సాగుతుండగా ట్రాక్ మారితే మాత్రం లయ చెడుతుంది.

కత్తిరింపు శాంపిల్‌తో సహా సరిపోయినా ఒక్కోసారి హద్దు దగ్గర చిన్న 'టిక్' మిగులుతుంది. హోరు నడుమ కోసిన అంచు ఎన్‌కోడర్‌కు నిశ్శబ్దం నుంచి ఒక్కసారిగా ఎగసిన శబ్దంలా కనిపిస్తుంది. అక్కడ అది చేసే పొరపాటు కత్తిరింపుకు అందదు. ఆ టిక్ పోవాలంటే ట్రాకులన్నీ వరుసలో ఒకేసారి ఎన్‌కోడ్ చేయాలి:

```
lame --nogaptags --nogap 01.wav 02.wav 03.wav
```

ఈ పని తర్వాత చేద్దామంటే కుదరదు, చేతిలో అసలు వేవ్ ఫైళ్లు ఉండాలి. ఎంపీ3 ఒక్కటే మిగిలితే దాన్నే విప్పి మళ్లీ ఎన్‌కోడ్ చేయకండి, పాత టిక్ అలాగే ఉండి నాణ్యత ఇంకాస్త తగ్గుతుంది. చోటుకు ఇబ్బంది లేకపోతే లైవ్ ఆల్బమ్ వరకు ఫ్లాక్‌లో ఉంచుకోవడమే మేలు. అది శాంపిళ్లను ఒక్కటీ అటూ ఇటూ కాకుండా దాస్తుంది, కలిపేదీ లేదు, కత్తిరించేదీ లేదు.